రెండు కోట్ల పుట్టీ

"చూడరా, పుట్టీకి రెండు కోట్లు, రంగులకి ఇంకో రెండు కోట్లు రాశాడు మేస్త్రి. ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసినవాడి దగ్గర నాలుగు కోట్లు ఎక్కడుంటాయనుకున్నాడో!" అంటూ ఆదివారం పొద్దున్నే మా మావయ్య సంచిలోంచి కాగితాలు తీశాడు. ఆయన చమత్కారి. గోడకి ఒక పూత పూస్తే దాన్ని ఒక కోటు అంటారని, రెండు పూతలకి రెండు కోట్లని ఆయనకి బాగానే తెలుసు. ఆయనకి నిజంగా అంతుపట్టనిది మొదటి పేజీ చివర్లో ఎర్రసిరాతో గీత గీసి వేసిన మొత్తం: 26,21,000 రూపాయలు.

మావయ్యకి నరసరావుపేటలో 200 గజాల స్థలం ఉంది. గజానికి 9 చదరపు అడుగుల లెక్కన 1,800 చదరపు అడుగులు. వెడల్పు 30 అడుగులు, పొడవు 60, తూర్పున రోడ్డు. ప్లాను మీద ఇల్లు 23 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 42 అడుగుల పొడవు. గుణిస్తే 987. మేస్త్రి చెప్పిన రేటు చదరపు అడుగుకి 2,000. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి ఈ రేటు మారుతుంది గనక ఇక్కడ దాన్ని లెక్క కోసమే చూడండి. లెక్కల మాస్టారు కాబట్టి మావయ్య నోటితోనే కట్టాడు: 19,74,000. మరి ఎస్టిమేటులో ఆరు లక్షల నలభై ఏడు వేలు ఎక్కువ ఎందుకొచ్చింది?

"కూడికలో తప్పు చేశాడంటావా?"

కూడికలో తప్పు లేదు. మేస్త్రి మోసమూ చేయలేదు. ఇద్దరూ చదరపు అడుగు అన్నారు గానీ, ఏ చదరపు అడుగో మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్లుగా సైట్ల మీద తిరుగుతున్నవాణ్ణి. ఇల్లు కట్టించుకునేవాళ్లకీ కట్టేవాళ్లకీ మధ్య నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట దగ్గరే మొదలయ్యాయి.

ముందు ప్లాను పరిచి కూర్చున్నాం. ప్లాను అంటే ఇంటిని పైనుంచి చూసిన బొమ్మ అనుకుంటారు చాలామంది. అలా పైనుంచి చూస్తే స్లాబు తప్ప ఇంకేం కనపడదు. నేలకి నాలుగడుగుల ఎత్తున ఇంటిని సొరకాయ కోసినట్టు అడ్డంగా కోసి, పై ముక్క తీసి పక్కన పెట్టి, కింది ముక్కలోకి తొంగిచూస్తే కనపడేదే ప్లాను. కోతకి తగిలిన గోడలు ముదురు గీతలుగా ఉంటాయి. కోతకి పైన ఉండిపోయిన సన్‌షేడ్లు, అటకలు, బీములు చుక్కల గీతలుగా ఉంటాయి. మావయ్య వంటింట్లో చుక్కల గీతని మేస్త్రి గోడ అనుకుంటాడేమోనని భయపడుతున్నాడు. అది అటక. భయపడాల్సింది మేస్త్రి గురించి కాదు. ఆ అటక ఎస్టిమేటులో ఉందో లేదో చూసుకోవాలి. ఉంది.

రెండో సంగతి. ఆ కాగితం జిరాక్సు. స్కేలు 1:100 అని రాసి ఉంది కదా అని దాని మీద స్కేలుబద్ద పెట్టి కొలవకూడదు. జిరాక్సు మిషను బొమ్మని కాస్త కుదించినా కొలత మారిపోతుంది. అందుకే కింద ఒక మూల "రాసిన కొలతలే ప్రమాణం" అని ఉంటుంది. పైగా మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానులో కొలతలు మీటర్లలో ఉంటే, మేస్త్రి చేతికిచ్చే వర్కింగ్ ప్లానులో అడుగులు, అంగుళాలు ఉంటాయి. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అన్నది ఒకసారి చూడాలి. పది అడుగులంటే 3.05 మీటర్లు. ఎక్కడైనా ఆ పొత్తు కుదరకపోతే గీసినాయన్నే అడగాలి.

ప్లాను లోపల కొలతలు రాసిన తీరు చూసి మావయ్యకి చిరాకు పుట్టింది. "పది అడుగులు సరే, ఈ పక్కన 11 అడుగుల ఏడున్నర అంగుళాలేమిటి? పన్నెండు అని రాసి ఏడవచ్చుగా!" రాయడానికి లేదు. ఇంటి వెడల్పు 23 అడుగుల 6 అంగుళాలు. రెండు పక్కలా బయటి గోడలు తొమ్మిదేసి అంగుళాలు. అవి పోతే లోపల 22 అడుగులు. మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ. ఒకవైపు పడగ్గదికి పది అడుగులిస్తే రెండోవైపు హాలుకి మిగిలేది 11 అడుగుల ఏడున్నర అంగుళాలే. ఇలాంటి చిల్లర కొలతలున్న ప్లాను చూస్తే నాకు నమ్మకం కలుగుతుంది. గోడల మందం లెక్కలోకి తీసుకున్నారని అర్థం. అన్నీ గుండ్రంగా పది, పన్నెండు, పద్నాలుగు అని ఉన్నచోటే అనుమానించాలి. అక్కడ గోడలు ఎవరి వాటాలోకి వచ్చిపడతాయో గోడ లేచాకే తెలుస్తుంది.

ఇంకో అంగుళం కూడా పోతుంది. ఈ కొలతలన్నీ ఇటుక నుంచి ఇటుకకి. రెండు పక్కలా అరంగుళం చొప్పున ప్లాస్టరింగ్ పడ్డాక పది అడుగుల గది 9 అడుగుల 11 అంగుళాలవుతుంది. అంగుళమే కదా అనిపిస్తుంది. మావయ్య పడగ్గదినే తీసుకుందాం. 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. మంచం పొడవు తలాపు చెక్కతో కలిపి ఆరున్నర అడుగులు, దాన్ని వెడల్పు గోడకి ఆనించి గీశారు. మంచం కాళ్లవైపు గోడకి రెండడుగుల లోతు బీరువా. 9 అడుగుల 11 అంగుళాల్లోంచి ఎనిమిదిన్నర తీసేస్తే మిగిలింది అడుగు అయిదంగుళాలు. బీరువా తలుపు రెక్క వెడల్పు అడుగున్నర. అంటే తలుపు పూర్తిగా తెరుచుకోకముందే మంచానికి కొట్టుకుంటుంది. మనిషి పక్కకి తిరిగి నడవాలి.

అగ్గిపుల్లలు పేర్చి ఈ ముక్క చూపించేసరికి మావయ్య నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు చేయగలిగింది చాలా సులువు. బీరువాని తలుపు వెనక గోడకి మార్చడమో, మధ్య గోడని ఆరంగుళాలు హాలువైపు జరపడమో చాలు. కాగితం మీద దీనికయ్యే ఖర్చు ఒక రబ్బరు. ఆ గోడ కింద ప్లింత్ బీము పోశాక అయితే ఖర్చు వేరు.

తలుపులకి డి, డి1, డి2 అని, కిటికీలకి డబ్ల్యూ అని, వెంటిలేటర్లకి వి అని గుర్తులు, పక్కన ఒక పట్టిక. డి2 అంటే బాత్‌రూం తలుపు, రెండున్నర అడుగులు. అయితే ఆ రెండున్నర ద్వారబంధంతో కలిపి. ద్వారబంధం చెక్క రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున తింటే నడిచే దారి 25 అంగుళాలే. మావయ్య దగ్గర మా అమ్మమ్మ ఉంటుంది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే, మామూలు కుర్చీయే 25 నుంచి 27 అంగుళాల వెడల్పుంటుంది. లోపలికి పోదు. డి2 దగ్గర మావయ్య తనే పెన్సిలుతో కొట్టేసి మూడడుగులు అని రాశాడు. వాస్తు కోసం మూడుసార్లు ప్లాను మార్పించినాయన ఈ తలుపు సంగతి చూసుకోలేదని ఆయనే నొచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ ఆరు లక్షల సంగతి.

ఒకే ఇంటికి వైశాల్యం నాలుగైదు రకాలుగా ఉంటుంది. బయటి గోడల బయటి అంచు నుంచి కొలిస్తే వచ్చేది ప్లింత్ ఏరియా. మావయ్య కట్టిన 987 అదే. బయటి గోడలు తీసేసి లోపల కొలిస్తే 22 అడుగులు ఇంటూ నలభైన్నర, 891. అంటే బయటి గోడల కిందే 96 చదరపు అడుగులు పోయాయి, ఒక చిన్న గదంత. లోపలి అడ్డగోడల మందం ఇంకో 41 అడుగులు తింటుంది. చివరికి చీపురు తగిలే నేల 850. మావయ్య 987 అనుకుంటున్న ఇంట్లో టైల్స్ పరిచేది 850 చదరపు అడుగుల్లోనే.

ఫ్లాట్ కొనేవాళ్లకి ఇక్కడో చిన్న మాట. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాని నిర్వచించింది. బయటి గోడలు, షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, ఓపెన్ టెర్రస్ అందులోకి రావు. లోపలి అడ్డగోడలు మాత్రం వస్తాయి. ఆ లెక్కన మావయ్య ఇంటి కార్పెట్ ఏరియా 850 కాదు, 891. మెట్లలోనూ లిఫ్టులోనూ మన వాటా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియా వీటన్నిటికన్నా పెద్దది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవాడికి ఆ తలనొప్పి లేదు. దాని బదులు స్లాబ్ ఏరియా అని ఇంకోటుంది.

మేస్త్రి వేసుకున్నది ఆ స్లాబ్ ఏరియానే. ఎక్కడెక్కడ స్లాబు పడుతుందో అదంతా ఆయన లెక్కలో ఇల్లే. ఇంటి మీద 987. ముందు వరండా పోర్టికో ఇంటి వెడల్పునా 9 అడుగుల లోతున ఉంది, అది రెండొందల పదకొండున్నర. డాబా మీద మెట్లు తేలేచోట 8 ఇంటూ 14 హెడ్‌రూం, 112. మూడూ కలిపితే 1,310 చదరపు అడుగుల మీద ఒక అర. రెండు వేలతో గుణిస్తే అణా పైసలతో సహా 26,21,000.

"అంటే వాడు చేసింది న్యాయమేనంటావా?"

మేస్త్రి వైపునుంచి చూస్తే పోర్టికోకి కూడా స్తంభాలు, బీములు, సెంట్రింగు, ఇనుము, కాంక్రీటు అన్నీ ఉన్నాయి. కానీ గోడలు మూడు పక్కలా లేవు. తలుపులు, కిటికీలు, లోపలి వైరింగు, పుట్టీ లేవు. ఇంటి లోపలి గదికయ్యే ఖర్చు దానికి అవదు. అందుకే కొందరు పోర్టికోని సగం లెక్కకే కడతారు. హెడ్‌రూంకి నాలుగు గోడలూ తలుపూ ఉంటాయి గనక పూర్తి లెక్క అడిగినా కాదనలేం. పోర్టికో సగానికి ఒప్పిస్తే తగ్గేది 105 చదరపు అడుగుల చిల్లర, డబ్బులో 2,11,500. అడగాల్సింది ఇదీ. రేటు తగ్గించమని అడిగితే మేస్త్రి ఎక్కడో ఓచోట సరుకు తగ్గిస్తాడు. కొలత ఏదో తేల్చమంటే ఆ అవసరం రాదు.

రెండో పేజీలో స్పెసిఫికేషన్లు. ఇంటికి ఏ సరుకు, ఎంత, ఎలా వాడతారో చెప్పే పేజీ. దీన్ని చాలామంది బ్రాండ్ల పేర్ల కోసం చదివి వదిలేస్తారు. సిమెంటు ఏ కంపెనీదన్నది పెద్ద సంగతి కాదు. ఎంత వేస్తారన్నది సంగతి.

స్లాబు దగ్గర "ఎం20 కాంక్రీటు, 1:1½:3, మందం 5 అంగుళాలు" అని రాసి ఉంది. ఎం అంటే మిక్స్. 20 అంటే, ఆ కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల దిమ్మ పోసి 28 రోజులు నీళ్లలో నానబెట్టి మిషనులో పెట్టి నొక్కితే, ప్రతి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. మన దేశంలో కాంక్రీటు పనులకి ప్రమాణ గ్రంథం ఐఎస్ 456. 2000లో సవరించిన ఆ గ్రంథం ప్రకారం ఇనుము వేసి పోసే కాంక్రీటు ఎం20 కన్నా తక్కువ ఉండకూడదు. 1:1½:3 అంటే ఒక వంతు సిమెంటుకి ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతులు కంకర. ఇందులో సిమెంటు కాస్త తగ్గితే అది 1:2:4 అవుతుంది. దాని పేరు ఎం15. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఆరాక గీరి చూసినా కొత్తవాడికి తేడా తెలీదు.

అయితే ఇంటాయన ఇంజినీరు కాకపోయినా తేడా పట్టుకునే దారి ఒకటుంది. ఖాళీ బస్తాలు లెక్కపెట్టడం. మావయ్యకి ఆ లెక్క వేసి చూపించాను. ఇల్లూ పోర్టికో కలిపి స్లాబు 1,198 చదరపు అడుగులు. మీటర్లలోకి మార్చాలంటే 10.76తో భాగించాలి, 111 చదరపు మీటర్లు. అయిదంగుళాల మందం అంటే 12.5 సెంటీమీటర్లు. గుణిస్తే కాంక్రీటు దాదాపు 13.9 క్యూబిక్ మీటర్లు. ఎం20 పాళ్లలో క్యూబిక్ మీటరుకి ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 111 బస్తాలు. అదే 1:2:4 అయితే క్యూబిక్ మీటరుకి ఆరుంబావు దాటి కాస్త, మొత్తం 88. స్లాబు రోజు సాయంత్రం ఖాళీ బస్తాలు 108 వచ్చినా 113 వచ్చినా మాట్లాడక్కర్లేదు. 90 దగ్గర ఆగిపోతే మాత్రం కాగితం మీద ఒకటి రాసి మిల్లర్లో ఇంకోటి వేశారన్నమాట, లేదా మందం తగ్గించారన్నమాట. బీములు కూడా అదే రోజు పోస్తే వాటి కాంక్రీటు విడిగా కూడుకోవాలి, ఎస్టిమేటులో వాటికి వేరే వరస ఉంటుంది. రెడీమిక్స్ లారీ తెప్పిస్తే బస్తాలుండవు. అప్పుడు చలానా మీద గ్రేడు, ఎన్ని క్యూబిక్ మీటర్లు అన్నది చూసుకోవాలి.

సిమెంటు సరిగ్గా వేసి కూడా కాంక్రీటుని పాడుచేయొచ్చు, నీళ్లతో. జారుగా ఉంటే పోయడం సులువు, కూలీలకి చేయి నొప్పి ఉండదు. ఐఎస్ 456లో ఎం20 పాళ్లకి బస్తాకి 30 లీటర్లు మించకూడదని ఉంది. ఇసుకలో ఉన్న తడి కూడా అందులోదే. బక్కెట్టు 15 లీటర్లదైతే బస్తాకి రెండు బక్కెట్లు, వానలో తడిసిన ఇసుకైతే ఇంకా తక్కువ. అంతకి మించితే ఆ నీరు ఆరిపోయి సందులు మిగులుతాయి. కాంక్రీటు బలం తగ్గుతుంది, ఆ సందుల్లోంచే చెమ్మ దిగి ఇనుముకి తుప్పు పడుతుంది. సంచిలో నీళ్లు పోసి గట్టున కూర్చునే కుర్రాడు ఎన్ని బక్కెట్లు పోస్తున్నాడో చూడటానికి డిగ్రీలు అక్కర్లేదు.

ఇనుము వరసలో "ఎఫ్‌ఇ 500డి" అని ఉంది. ఎఫ్‌ఇ అంటే ఇనుముకి రసాయన శాస్త్రంలో ఉన్న గుర్తు. 500 దాని బలం. చివరి డి ఉన్న ఇనుము విరిగేముందు ఎక్కువ సాగుతుంది, భూకంపం లాంటి కుదుపులకి అది మేలు. ఇనుము తూకం మీద కొంటారు, పొడవు మీద వాడతారు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడానికి పాత సూత్రం ఒకటుంది. కమ్మీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కమ్మీ అయితే 144ని 162తో భాగించాలి, 0.89 కిలో. కమ్మీ పొడవు మామూలుగా 12 మీటర్లు గనక ఒక్కోటి పదిన్నర కిలోల పైచిలుకు తూగాలి. ఈ మందానికి అయిదు శాతం అటూ ఇటూ ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది. పది కిలోల కిందికి జారితే ఆ సరుకు వెనక్కి పంపాలి. మేస్త్రి ఇనుము సహా కాంట్రాక్టు తీసుకున్నప్పుడు సన్న కమ్మీ వల్ల మిగిలేది ఆయనకే, మనం కొనిపెట్టినప్పుడు దుకాణదారుకి.

మావయ్య ఈ లెక్కలన్నీ ఎస్టిమేటు వెనకవైపు తెల్లకాగితం మీద పొందిగ్గా వేసుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

మూడో పేజీ అడుగున చిన్న అక్షరాలతో గమనికలున్నాయి. నా మటుకు నేను ఎస్టిమేటుని ఇక్కడినుంచే చదవడం మొదలుపెడతాను. మొదటి గమనిక: "టైల్స్ బేసిక్ రేటు చదరపు అడుగుకి 50." బేసిక్ రేటంటే దుకాణంలో టైలు ధర. ఆ ధర వరకు టైలు ఖర్చు మేస్త్రిది. ఆపైన మనది. అత్తయ్యకి నచ్చేది 80 రూపాయల టైలైతే, 850 చదరపు అడుగుల నేలకి ముక్కలు కోసేచోట వృథా కలిపి 900 కొనాలి. అడుగుకి ముప్పై చొప్పున 27,000 మన జేబులోంచి. దీన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ పన్ను, రవాణా ఆ యాభైలో ఉన్నాయా లేవా అన్నది రాయలేదు. అది రాయించుకోవాలి. 50 కన్నా తక్కువ టైలు నచ్చితే మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తారా అని కూడా. ఇది అడిగితే సాధారణంగా మేస్త్రి నవ్వుతాడు, కానీ రాస్తాడు.

రెండోది: "ఫలానా కంపెనీ వైర్లు లేదా తత్సమానం." ఈ తత్సమానం అన్న మాట ఎవరికి ఏది సమానమో చెప్పదు. ఇంటాయన ముందుగా చూసి ఒప్పుకున్నదే తత్సమానం అని ఒక వాక్యం కలిపితే సరిపోతుంది.

మూడోది చదివినప్పుడు నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. "పునాది లోతు 5 అడుగుల వరకు. అంతకు మించిన లోతుకు అదనం." పల్నాడు నేలలో ఈ ఒక్క వాక్యం మొత్తం ఎస్టిమేటుని తలకిందులు చేయగలదు. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని నెరలు విచ్చుతుంది. ఆ కదిలే పొరలోనే పునాది ఆగిపోతే ఇల్లు కూడా ఏటా దానితో పాటు కాస్త లేచి కాస్త దిగుతుంది. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, వేసవిలో పెద్దవవుతాయి, వానాకాలంలో కొంత మూసుకుంటాయి. పుట్టీ ఎన్ని కోట్లు వేసినా ఆగవు. అందుకని పునాదిని కింద సుద్దో గరుసో గట్టిపొర తగిలేదాకా దింపుతారు. నల్లమట్టి మరీ లోతుగా ఉంటే అడుగున గంటలా వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు, ఐఎస్ 2911 వాటికి కనీసం మూడున్నర మీటర్ల పొడవు చెబుతుంది. మావయ్య స్థలంలో గట్టిపొర ఎంత లోతులో ఉందో ఎవరూ చూడలేదు. అయిదడుగులన్నది మేస్త్రి అలవాటు కొద్దీ రాసిన అంకె.

"మరెలా తెలుస్తుంది?"

"గొయ్యి తవ్వించు మావయ్యా. ఒకటి ఈశాన్యంలో, ఒకటి నైరుతిలో. ఎనిమిదడుగులు."

ఇక మిగిలిన గమనికలన్నీ లేనివాటి జాబితా. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, కరెంటు మీటరు, మున్సిపాలిటీ ఫీజులు, వంటింటి చెక్కపని, అన్నీ అదనం. జి.ఎస్.టి. సంగతి అసలు ఎత్తలేదు, అంటే అదనమో కలిపారో ఎవరికి వాళ్లు అనుకోవచ్చు. మావయ్య వీటన్నిటినీ వేరే కాగితం మీద వరసగా రాసి, ప్రతిదానికీ ఎదురుగా మేస్త్రితోనే అంకె వేయించాలని నిశ్చయించుకున్నాడు. అప్పుడు ఇరవైకీ ఇరవై ఆరుకీ మధ్య కొట్టుకోవడం మాని, ఇల్లు గృహప్రవేశం దాకా ఎంతకి తేలుతుందో తెలుస్తుంది.

ఆ మంగళవారమే గోతులు తవ్వించాడు. ఈశాన్యంలో నాలుగున్నర అడుగులకే సుద్ద తగిలింది. నైరుతిలో ఆరున్నర దాకా నల్లమట్టే. మేస్త్రితో కూర్చుని లోతు ఏడడుగులుగా మార్చి, ఆ రెండడుగుల తవ్వకానికీ పైకి తెచ్చే స్తంభాలకీ పునాది మొదలెట్టకముందే ధర తేల్చుకున్నారు. పోర్టికో సగానికి ఒప్పుకున్నాడట. హెడ్‌రూం దగ్గర మాత్రం దిగిరాలేదు.

నాలుగు నెలల తర్వాత స్లాబు రోజున వెళ్లాను. మిల్లరు పక్కన గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో మావయ్య, చేతిలో బొగ్గు ముక్క. వెనక ప్లాస్టరింగ్ పడని గోడ మీద అయిదేసి గీతల కట్టలు, హాజరుపట్టీ వేసినట్టు. సాయంత్రం అయిదింటికి మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి ఆ గోడకేసి చూసి, "ఎన్నయ్యాయి మాస్టారూ?" అనడిగాడు.

"నూటతొమ్మిది," అన్నాడు మావయ్య. "రెండు బస్తాలు నాకు బాకీ."